రిలేటెడ్ వర్క్‌ని పట్టిక పెట్టుకుని తిరగరాయడం: మూడేళ్ళు వాడాక

అనంతపురంలో ఇమేజ్ క్లాసిఫికేషన్ మీద పేపర్ అంటే వేరుశనగ ఆకు దగ్గర ఆగకుండా పోవడం కష్టం. ఖరీఫ్‌లో కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు చేలల్లో ఫోన్‌తో ఫొటోలు తీస్తారు. తిక్క ఆకుమచ్చల్లో ముందు వచ్చే రకాన్నీ ఆలస్యంగా వచ్చే రకాన్నీ విడదీసే మోడల్ కడతారు. అది ఫోన్‌లోనే నడవాలి కాబట్టి మొబైల్‌నెట్ వి2కి ఒక చిన్న అటెన్షన్ బ్లాక్ తగిలిస్తారు. ఈ రకం పేపర్‌నే ఉదాహరణగా తీసుకుని, మూడేళ్ళుగా మేం వాడుతున్న పద్ధతి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో రాస్తున్నాను.

పద్ధతి ఇంతే. మొదట రాసుకున్న రిలేటెడ్ వర్క్‌ని పక్కన పెట్టి, ప్రయోగాలన్నీ అయ్యాక ఒక స్ప్రెడ్‌షీట్ చూస్తూ మళ్ళీ రాయాలి. వరుసకొక బేస్‌లైన్. ఆ పేపర్ ఏ సమస్య కోసం పుట్టింది, డేటాని ఎలా విడగొట్టారు, ఏ వెయిట్స్‌తో మొదలుపెట్టాం, ఎన్ని ట్రయల్స్ ట్యూన్ చేశాం, మన టేబుల్‌లో ఉన్న అంకె మనం నడిపిందా లేక వాళ్ళ పేపర్‌లోంచి ఎత్తిందా అని ఒక్కో గడిలో రాస్తాం. చివరి గడిలో మాత్రం ఒకే ప్రశ్న: ఏ విషయంలో అది మనకంటే మేలు? అది ఖాళీగా ఉందంటే ఆ పేపర్‌ని ఎవరూ సరిగా చదవలేదని లెక్క.

ఈ పట్టిక మొట్టమొదట బయటపెట్టేది మనకు అతి దగ్గరి పేపర్‌ని. డ్రాఫ్ట్‌లలో అది సాధారణంగా మూడో పేరాలో, మరో నాలుగు సైటేషన్ల మధ్య నలిగిపోయి ఉంటుంది. మన ఉదాహరణలో చూడండి. ఛానెళ్ళకు బరువులిచ్చే పని 2018లోనే స్క్వీజ్ అండ్ ఎక్సైటేషన్ చేసింది. అదే ఏడాది వచ్చిన సీబామ్ దానికి స్పేషియల్ అటెన్షన్ కలిపింది. 2019 నాటి మొబైల్‌నెట్ వి3లో స్క్వీజ్ అండ్ ఎక్సైటేషన్ బ్లాకులు ముందే ఉన్నాయి. అంటే ‘తేలిక మోడల్‌కి అటెన్షన్ చేర్చాం’ అన్న మాట 2019 తర్వాత కొత్త విషయం కాదు. అయినా ఇలాంటి పేపర్లు వి2తోనూ రెస్‌నెట్-50తోనూ పోల్చి, వి3 పేరెత్తకుండా ముగిసిపోతుంటాయి. చాలాసార్లు ఇది దురుద్దేశం కాదు. పని మొదలుపెట్టింది వి2 మీద కాబట్టి చూపు అక్కడే నిలిచిపోతుంది.

దగ్గరి పేపర్‌ని మొదటి పేరాలోకి తెచ్చాక ప్రయోగం కూడా మారక తప్పదు. మన బ్లాక్ ఉన్న చోటే దాన్ని తీసేసి స్క్వీజ్ అండ్ ఎక్సైటేషన్‌ని ఒకసారి, సీబామ్‌ని ఒకసారి పెట్టి, అదే ట్రైనింగ్ రెసిపీతో కనీసం ఐదు సీడ్‌లు నడపాలి. తేడా సీడ్‌ల మధ్య ఊగిసలాటలోనే కలిసిపోతే మన బ్లాక్ మెరుగన్న వాక్యం పోవాల్సిందే. అప్పుడు మిగిలేది డేటాసెట్, ఫోన్‌లో పట్టే సమయం, లేదా ఏ రకం మచ్చల దగ్గర ఎవరు తడబడుతున్నారన్న విశ్లేషణ. ముందొచ్చే మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున నల్లగా కనిపిస్తుంది. ఆకు పైభాగం మాత్రమే ఫొటో తీసిన డేటాలో ఈ రెండో గుర్తు ఏ మోడల్‌కీ దొరకదు. అలాంటప్పుడు ‘పాత పద్ధతులు సూక్ష్మ లక్షణాలను పట్టుకోలేకపోయాయి’ అని రాయడం అన్యాయం. అది కెమెరా పెట్టిన కోణం లోపం.

వెయిట్స్ గడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలియకుండా జరిగే అన్యాయం ఎక్కువగా ఇక్కడే. టార్చ్‌విజన్‌లో రెస్‌నెట్-50కి రెండు రకాల ఇమేజ్‌నెట్ వెయిట్స్ ఉన్నాయి:

```
ResNet50_Weights.IMAGENET1K_V1   # 76.13
ResNet50_Weights.IMAGENET1K_V2   # 80.858
```

ఆర్కిటెక్చర్ ఒకటే, ట్రైనింగ్ రెసిపీ మాత్రమే మారింది, దాదాపు ఐదు పాయింట్ల తేడా. పాత కోడ్‌లో `pretrained=True` అని వదిలేస్తే వచ్చేది మొదటిదే. బేస్‌లైన్‌ని దానితో, మన మోడల్‌ని కొత్త ఆగ్మెంటేషన్‌తో, ఎక్కువ ఎపాక్‌లతో నడిపి, తేడా అంతా అటెన్షన్ వల్లే వచ్చిందని రిలేటెడ్ వర్క్‌లో రాస్తే చదివేవాళ్ళు మోసపోయినట్టే. ట్రయల్స్ సంగతీ అంతే. మనదానికి లెర్నింగ్ రేట్ కోసం 40 ట్రయల్స్, వాళ్ళదానికి డిఫాల్ట్ విలువతో ఒక్కటి అని పట్టికలో పక్కపక్కన కనిపించాక, మిగతా పరుగులు నడపకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

ఇక వాక్యాలు. తిరగరాసేముందు ఈ ఒక్క కమాండ్ చాలు:

```
grep -nEi "fail|ignore|suffer|only|limited" related.tex
```

దొరికిన ప్రతి వరుసలోనూ నింద ఉండాలని లేదు, కానీ ప్రతిదానికీ సాక్ష్యం అడగాలి. మొదటి డ్రాఫ్ట్‌లో తరచూ ఉండే మాట తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: ‘రెస్‌నెట్-50 బరువైనది, నిజమైన పొలాల్లో విఫలమవుతుంది.’ పట్టిక చూస్తూ రాసినది ఇలా: ‘రెస్‌నెట్-50లో సుమారు 2.56 కోట్ల పారామీటర్లున్నాయి, మొబైల్‌నెట్ వి2లో 34 లక్షలు. ఫోన్‌లో నడపడం దాని లక్ష్యం కాదు. ఒకే రెసిపీతో నడిపితే మా డేటాపై దాని ఖచ్చితత్వం మాకంటే ఎక్కువ. మా పని ఆ తేడాని తక్కువ పారామీటర్లతో ఎంతవరకు పూడ్చవచ్చో చూడటం.’ రెండోది పొడుగే. కానీ రివ్యూయర్ కోడ్ తెరిచి చూసినా నిలబడేది అదే.

ఎత్తిన అంకెల విషయంలో ఒక హెచ్చరిక. 2016లో ప్లాంట్‌విలేజ్ డేటాపై వచ్చిన పేపర్‌లో 54,306 ఫొటోలతో 99.35 శాతం వచ్చింది. అదే పేపర్‌లో, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలపై అది 31.4 శాతానికి పడిపోయిందని వాళ్ళే రాశారు. మొదటి అంకెని మాత్రమే ఎత్తి మన పొలం అంకె పక్కన పెట్టినా తప్పే, రెండోదాన్ని మాత్రమే ఎత్తి వాళ్ళని చిన్నబుచ్చినా తప్పే. పైగా ఆ డేటాలో వేరుశనగ లేనే లేదు. మన డేటాని విడగొట్టేటప్పుడు కూడా ఫొటోల వారీగా కాకుండా చేల వారీగా విడగొట్టాలి. ఒకే మొక్కకి తీసిన నాలుగు ఫొటోల్లో మూడు ట్రైనింగ్‌లోకి, ఒకటి టెస్ట్‌లోకి వెళ్తే అందరి అంకెలూ ఉబ్బుతాయి. చేల వారీ అంకెని ఎవరిదో ఫొటోల వారీ అంకెతో ఒకే వరుసలో పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే గీత గీసి కింద ‘వాళ్ళ పేపర్ నుంచి, వేరే విభజన’ అని రాయాలి.

పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు. ఎనిమిది బేస్‌లైన్‌ల పట్టిక నింపడానికి చదువుకే మూడు నాలుగు రోజులు పడుతుంది. మళ్ళీ నడపాల్సిన పరుగులు ఒక్క జీపీయూ ఉన్న ల్యాబ్‌ని వారానికి పైగా కట్టేస్తాయి. కోడ్ బయటపెట్టని పేపర్ల దగ్గర ఇది దాదాపు చేతులెత్తేస్తుంది: మనం రాసుకున్న అమలు బలహీనంగా ఉంటే ఆ తప్పు వాళ్ళ పేరు మీద పడుతుంది. అలాంటప్పుడు మేం ‘మా అమలు’ అని స్పష్టంగా రాసి, వాళ్ళ డేటాపై వాళ్ళ అంకెకి మా అంకె ఎంత దగ్గరగా వచ్చిందో పక్కనే ఇస్తున్నాం. దగ్గరికే రాకపోతే ఆ వరుసని టేబుల్‌లోంచి తీసి, మాటల్లో మాత్రమే ప్రస్తావిస్తున్నాం.

తేడాని ఇంత నిజాయితీగా చెప్పాక ‘ఇది చిన్న మార్పే కదా’ అనే రివ్యూ వచ్చే అవకాశం పెరుగుతుంది. దానికి ఈ పద్ధతిలో మందు లేదు. ఆరు పేజీల కాన్ఫరెన్స్‌లో పట్టిక మొత్తం పట్టదు కాబట్టి దాన్ని అనుబంధానికి పంపుతాం. దగ్గరి పేపర్‌తో పోల్చిన పేరా, ఏ అంకె ఎక్కడిదో చెప్పే ఒక్క వాక్యం మాత్రం మెయిన్ పేపర్‌లోనే ఉంచుతాం. చోటు చాలకపోతే ముందు కోసేది డీప్ లెర్నింగ్ చరిత్ర చెప్పే మొదటి పేరాని.