రేకు ఫోటోనా, అట్టపెట్టె ఫోటోనా, లోపలి కాగితమా: పడని మందు కనిపెట్టడానికి ఏది మేలు?

అలిపిరి మెట్లెక్కి దిగిన మర్నాడు మోకాళ్లు పట్టేస్తాయి. చంద్రగిరిలో ఉన్న అమ్మ మెడికల్ షాపులో నాలుగు మాత్రలు తెచ్చుకుని, బెంగళూరులో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో ఫోటో పెడుతుంది: "నాయనా, ఇది నాకు పడుతుందా?" ఆమెకు పడనివి రెండున్నాయి. ఐబూప్రొఫెన్ వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు. టార్ట్రజైన్ అనే పసుపు రంగు కలిసిన మందు తీసుకున్నా దద్దుర్లే. రెండూ డాక్టరు తేల్చి రాసిచ్చినవే. ఇప్పుడు కొడుకు దేని ఫోటో చూస్తే సరైన జవాబు దొరుకుతుంది?

ముందు రేకు సంగతి. అమ్మలు పంపేది ఎప్పుడూ ఇదే, చేతిలో ఉండేది అదే కాబట్టి. కానీ షాపువాళ్లు పది మాత్రల రేకులోంచి నాలుగు కత్తిరించి ఇచ్చినప్పుడు, వెనక ఉన్న అక్షరాలు కూడా నాలుగు మాత్రల మేరకే వస్తాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక కొసనే ఉంటాయి కాబట్టి షాపులోనే మిగిలిపోవచ్చు. పైగా వెండి రేకు మీద లైటు పడితే మధ్యలో రెండు లైన్లు తెల్లగా మాసిపోతాయి. ఫ్లాష్ ఆపేసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో, రేకును కాస్త ఏటవాలుగా పట్టుకుని తీస్తే చాలావరకు కనిపిస్తుంది. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపమనాలి. మసకగా ఉన్న ఫోటోలో ముందుగా పోయేది చివరి లైను, అంటే రంగు పేరున్న లైనే. ఈమె విషయంలో అదే ముఖ్యం.

మసక ఫోటోలో పేరును ఊహించి పూరించడం ఇంకా పెద్ద ప్రమాదం. ఎసిక్లోఫెనాక్, ఎసిటమినోఫెన్ రెండూ ఇంగ్లీషులో ఒకే మూడు అక్షరాలతో మొదలవుతాయి. రెండోది మన పారాసెటమాలే, అమెరికాలో దాన్ని అలా పిలుస్తారు. మొదటిది మాత్రం ఐబూప్రొఫెన్ కుటుంబానిది. మొదటి మూడక్షరాలు చూసి మిగతాది మనసులో నింపేసుకుంటే ఈమెకు సరిగ్గా పడని మాత్రనే వేసుకోమన్నట్టవుతుంది. పేరు చివరి అక్షరం దాకా కనబడకపోతే ఇంకో ఫోటో అడగాల్సిందే.

అట్టపెట్టె దగ్గరికొస్తే ఈ తిప్పలు చాలా తగ్గుతాయి. మెరుపుండదు, కూర్పు ఒక పక్కన వరసగా ఉంటుంది. షాపువాళ్లు పెట్టె ఇవ్వకపోయినా, "అన్నా, పెట్టె పక్కన రాసిందాన్ని ఒక ఫోటో తీసుకుంటా" అంటే కాదనరు. అందులో సాధారణంగా కనబడేది ఇలా ఉంటుంది:

```
Each film coated tablet contains:
Aceclofenac IP      100 mg
Paracetamol IP      325 mg
Excipients          q.s.
Colours: Tartrazine, Titanium Dioxide IP
```

మందు పేర్లు మొదలయ్యే చోటి నుంచి దీన్ని ఒక్కొక్క లైనే చదవాలి. మొదటి లైనులోనే ఐబూప్రొఫెన్ అన్న మాట లేదు కాబట్టి ఫరవాలేదనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్ అన్నీ ఒంట్లో అడ్డుకునేది ఒకే ఎంజైమునే. ఒకదానికి దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చినవాళ్లలో చాలామందికి రెండోదానికీ వస్తాయి. అందుకే డాక్టరు పరీక్షించి ఫలానాది వాడొచ్చని చెప్పేదాకా మొత్తం గుంపునే పక్కన పెడతారు. పారాసెటమాల్ మామూలు మోతాదులో ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి పడుతుంది. కానీ ఈ మాత్రలో అది ఎసిక్లోఫెనాక్‌తో కలిసే ఉంది, విడదీసి మింగలేం.

బ్రాండు పేరు చూసి "ఇది పోయినసారి వాడిందే" అనుకోవడమూ తప్పే. అదే పేరు వెనక పీ, ఎస్‌పీ, ఎంఆర్ వంటి అక్షరాలు చేరితే లోపల ఇంకో మందు చేరినట్టు. అందుకే పోల్చి చూసుకోవాల్సింది కూర్పు లైన్లనే.

మూడో లైను అసలైన గుంత. అందులో ఉన్నది "తగినంత సహాయక పదార్థాలు" అన్న మాట మాత్రమే. లాక్టోజ్ ఉందో, ఏ పిండి ఉందో అక్కడ తెలియదు. మన మందుల నియమాలు పనిచేసే మందు పేరు, పరిమాణం, కలిపిన రంగు పేరు లేబుల్ మీద ఉండాలంటాయి. సహాయక పదార్థాలన్నిటినీ విడివిడిగా రాయడం తప్పనిసరి కాదు. ఈమె అదృష్టం కొద్దీ పడనిది రంగు, అది నాలుగో లైనులో దొరికేసింది. అదే పాలలోని ప్రొటీన్‌కో, జెలటిన్‌కో అలర్జీ ఉన్న మనిషైతే పెట్టె చూసి ఏమీ తేల్చలేం. క్యాప్సూల్స్‌లో రంగు దగ్గరా చిక్కుంది: గొట్టంలో ఆమోదిత రంగులు వాడామని మాత్రం రాసి, ఏ రంగో చెప్పని పెట్టెలు తరచుగా కనిపిస్తాయి. అలాంటి క్యాప్సూల్‌ను టార్ట్రజైన్ పడనివాళ్లు తీసుకోకపోవడమే నయం. పూత లేని తెల్ల మాత్ర అడగవచ్చు, దాని పెట్టె మీద రంగు లైను ఉండదు.

లోపలి కాగితం అన్ని మందులకూ ఉండదు, కత్తిరించి ఇచ్చిన రేకుతో అసలు రాదు. ఉన్నప్పుడు మాత్రం రెండు చోట్ల వెతకాలి. ఎవరు వాడకూడదో చెప్పే భాగంలో ఆస్పిరిన్, ఇతర నొప్పి మందులకు అలర్జీ ఉన్నవారు వాడరాదని ఉంటుంది. ఎసిక్లోఫెనాక్‌కీ ఐబూప్రొఫెన్‌కీ చుట్టరికం తెలియనివాళ్లకు ఆ ఒక్క వాక్యం చాలు. రెండోది సహాయక పదార్థాల జాబితా. కొన్ని కాగితాల్లో అది పూర్తిగా ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు.

పెట్టె మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేస్తే అన్నీ వస్తాయని కొందరి నమ్మకం. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు ఆ కోడ్ తప్పనిసరి చేశారు. కానీ అప్పటి నియమం ప్రకారం అందులో ఉండాల్సినవి మందు పేరు, తయారీదారు, బ్యాచ్, తేదీలు, లైసెన్సు నంబరు. నకిలీని పట్టుకోవడానికి పనికొస్తుంది, టార్ట్రజైన్‌ను పట్టుకోవడానికి దాన్నే నమ్ముకోలేం.

కాబట్టి ఒక్క ఫోటోనే అడగాల్సివస్తే అట్టపెట్టె కూర్పు పక్కనే అడగండి. రెండోది అడగగలిగితే రేకు మీద బ్యాచ్ నంబరున్న కొస. పెట్టె ఒక బ్యాచ్‌ది, చేతికిచ్చిన రేకు ఇంకోదైతే ఆ పెట్టె చదివి లాభం లేదు. పడనిది సహాయక పదార్థమైతే మాత్రం కాగితానిదే పైచేయి. కాగితం లేకపోతే పెట్టె మీదున్న కంపెనీ నంబరుకు బ్యాచ్ చెప్పి అడగాలి. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు రంగులతో, పిండ్లతో చేస్తాయి, కాబట్టి కంపెనీ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి.

అమెరికా నుంచి కూతురు పంపిన డబ్బా అయితే పని తేలిక. అక్కడ చీటీ లేకుండా అమ్మే మందుల లేబుల్ మీద సహాయక పదార్థాలన్నీ పేరుపేరునా ఉంటాయి. కాకపోతే ఒకే రంగుకు నాలుగు పేర్లున్నాయి, వీటిలో ఏది కనబడినా టార్ట్రజైనే:

```
Tartrazine
FD&C Yellow No. 5
E102
CI 19140
```

ఇక మాత్ర వద్దులే, మోకాలికి జెల్ రాసుకుంటాననుకుంటే దాని పెట్టె కూడా ఇలాగే చదవాలి. నొప్పి జెల్స్‌లో చాలావాటిలో డైక్లోఫెనాక్‌తో పాటు మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది, అది ఆస్పిరిన్‌కు దగ్గర బంధువు. పైపూతే కదా అని ఈమె వాడటానికి లేదు. ఈమె డాక్టరును అడగాల్సింది పారాసెటమాల్ ఒక్కటే ఉన్న తెల్ల మాత్ర గురించి. ఫోటో వచ్చేలోపే ఆమె మాత్ర మింగేసి పెదాలు వాచినా, ఊపిరి బరువైనా ఇక లేబుల్ చదవడం ఆపి 108కి ఫోన్ చేయాలి, రేకును ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి.