జాగ్రత్త: రూటర్ లేకుండా ప్రింటు వస్తుందంటే ఇంటర్నెట్ లేకుండా వస్తుందని అర్థం కాదు

మన్యం గ్రామాల్లో మహిళా సంఘాల లెక్కలు సరిచూసి, తేల్చిన పట్టికలను అక్కడికక్కడే ప్రింటు తీసి, సభ్యుల చేత సంతకాలు చేయించుకురావడం నా పని. తిరిగే చోట రూటర్ ఉండదు కనుక, అట్టపెట్టె మీద ‘వైఫై డైరెక్ట్’ అని స్పష్టంగా ముద్రించి ఉన్న ఒక చిన్న ఇంక్‌జెట్ ప్రింటరును ఆన్‌లైన్‌లో సుమారు ఏడు వేల రూపాయలు పెట్టి కొన్నాను. ఆ రెండు మాటలూ అబద్ధం కావు. కానీ వాటిని చూసి నేను ఏమని అర్థం చేసుకున్నానో అది మాత్రం పూర్తిగా తప్పని, పాడేరుకు అవతల ఒక గ్రామంలో పదకొండు మంది ఆడవాళ్లను మధ్యాహ్నమంతా కూర్చోబెట్టాక గాని నాకు తెలిసిరాలేదు. ఇదే అవసరంతో, ఇదే మాటను నమ్మి కొనబోయేవారు ఉంటారు కనుక జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ సదుపాయం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. వైఫై డైరెక్ట్ ఉన్న ప్రింటరు తానే ఒక చిన్న వైఫై సిగ్నల్‌ను వెలువరిస్తుంది. ఫోనులో వైఫై జాబితా తెరిస్తే `DIRECT-` తో మొదలై, తరువాత రెండు మూడు అక్షరాలు, ఆపైన మోడల్ పేరు ఉన్న ఒక పేరు కనిపిస్తుంది. ఇంట్లోని వైఫైకి కలిసినట్టే దానికీ పాస్‌వర్డ్ ఇచ్చి కలిస్తే, ఫోనులోని పేజీ నేరుగా ప్రింటరులోకి వెళుతుంది. మధ్యలో రూటరూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. ఇంతవరకు సిగ్నల్ సంగతి. అయితే ఆ సిగ్నల్ ద్వారా అందిన పేజీని కాగితం మీద ముద్రించాలా వద్దా అని నిర్ణయించేది సిగ్నల్ కాదు, ప్రింటరు లోపలి సాఫ్ట్‌వేర్. నేను కొన్న మోడల్‌లో ఆ సాఫ్ట్‌వేర్, కొన్నాళ్లకొకసారి తయారీదారు సర్వర్‌ను పలకరించి రానిదే ముద్రణకు ఒప్పుకోదు.

ఇంట్లో మొదటి రోజు ఈ సంగతి తెలిసే అవకాశమే లేకపోయింది. యాప్ దింపుకుని, అది చెప్పినట్టే ఖాతా తెరిచి, ప్రింటరును ఇంటి రూటరుకు కలిపాను. అమరిక చివరలో ఒక తెర వచ్చింది. అదనపు వారంటీ, కొన్ని నెలల పాటు ఉచితంగా ఇంక్ ఇస్తామని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. ప్రింటరు ఎల్లప్పుడూ ఇంటర్నెట్‌కు కలిసి ఉండాలని, అసలైన కార్ట్రిడ్జులే వాడాలని, ఒకసారి అంగీకరించిన తరువాత వెనక్కి తీసుకోవడం కుదరదని కింద సన్నని అక్షరాల్లో ఉంది. నేను పై వాక్యం చదివి అంగీకారం నొక్కాను. ఆ తరువాత వైఫై డైరెక్ట్ ద్వారా ఫోను నుంచి రెండు పేజీలు ముద్రించి చూస్తే చక్కగా వచ్చాయి. పరీక్ష ముగిసిందనుకుని సంచిలో సర్దేశాను. ఆ రెండు పేజీలు తీసేటప్పుడు ప్రింటరు ఇంటి రూటరుకు కూడా కలిసే ఉందన్న విషయం నాకు తట్టనే లేదు.

ప్రయాణంలో మొదటి రెండు గ్రామాల్లో ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగో రోజున, పై గూడేల నుంచి కూడా సభ్యులు నడిచి వచ్చి కూర్చున్న చోట, మొదటి పేజీ పంపగానే ప్రింటరు మీద నారింజ రంగు దీపం వెలిగి ఆరడం మొదలైంది. కాగితం కదలలేదు. ఫోను మాత్రం `DIRECT-` సిగ్నల్‌కు కలిసే ఉన్నానని చూపిస్తోంది. ఆపి వేశాను, పాస్‌వర్డ్ మళ్లీ ఇచ్చాను, చివరకు ల్యాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి చూశాను. అప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద, ముద్రణ కొనసాగాలంటే ప్రింటరును ఇంటర్నెట్‌కు కలపండి అన్న సందేశం కనబడింది. ఆ ఊళ్లో ఫోను సిగ్నల్ లేదు. సంఘం అధ్యక్షురాలు నా వంక చూసి, “సార్, ఎలాగైనా ఇవాళే సంతకాలు పెట్టించుకోండి, మళ్లీ అందరం ఒకచోట కూడాలంటే సంత రోజు దాకా ఆగాలి” అన్నారు. ఆమె మాటలో కోపం లేదు, అందుకే నాకు మరింత బాధ కలిగింది.

చివరకు ప్రింటరును బండి మీద పెట్టుకుని, సిగ్నల్ అందే మలుపు దాకా వెళ్లి, అక్కడి టీ కొట్లో కరెంటు అడిగి తీసుకుని, ఫోనులో హాట్‌స్పాట్ తెరిచి ప్రింటరును దానికి కలిపాను. ఒకటి రెండు నిమిషాల్లో నారింజ దీపం ఆరిపోయింది. పంపి ఉంచిన పేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఇటువంటి మోడల్ ఇప్పటికే కొని చిక్కుకున్నవారికి ఈ దారి ఉపయోగపడుతుంది గనుక ఒక వివరం చెబుతాను. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మాత్రమే పట్టుకోగలవు, కాబట్టి హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే ప్రింటరుకు అది కనిపించనే కనిపించదు. ఆండ్రాయిడ్ ఫోనులో హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్‌ను 2.4కు మార్చాలి. ఐఫోన్‌లో అయితే `Maximize Compatibility` అన్న మీటను వేయాలి.

ఇంటికి వచ్చాక అమ్మినవారిని అడిగితే, పెట్టె మీద రాసిన సదుపాయం ప్రింటరులో ఉంది కనుక దీన్ని లోపంగా పరిగణించలేమని సమాధానం ఇచ్చారు. నేను కొన్న చోట గడువు ఏడు రోజులే, అదీ చెడిపోయిన వస్తువును మార్చి ఇవ్వడానికే తప్ప డబ్బు వెనక్కి ఇవ్వడానికి కాదు. పైగా నేను సంచిలో పెట్టుకుని తిరిగిన రోజుల్లోనే ఆ గడువు గడిచిపోయింది.

అందువల్ల కొనే ముందు అమ్మేవారిని ‘వైఫై డైరెక్ట్ ఉందా’ అని అడగకండి, ఉందనే అంటారు. మొదటి అమరికకు ఇంటర్నెట్ తప్పనిసరా, ఆ తరువాత వారం రోజులు ఇంటర్నెట్ తగలకపోయినా ముద్రిస్తుందా అన్న రెండు ప్రశ్నలూ విడివిడిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మోడల్ వివరాల పేజీలో, అన్నిటికంటే అడుగున, ఇంటర్నెట్ కనెక్షన్ అవసరమనో ఆన్‌లైన్ ఖాతా అవసరమనో ఒక్క మాట ఉన్నా అది మన పనికి వచ్చే యంత్రం కాదని నా గట్టి అభిప్రాయం. వచ్చిన రోజే పెట్టె విప్పి, ఉచిత ఇంక్ ప్రతిపాదన వచ్చిన చోట నిరాకరించే మీట ఉందేమో చూసి దాన్నే నొక్కండి. తరువాత ప్రింటరు సెట్టింగుల్లో ఇంటి వైఫై వివరాలు తుడిచేసి, గడువు ముగిసేదాకా దాన్ని రూటరుకు కలపకుండానే ఉంచి, రోజుకొక పేజీ తీయండి. నాలా ఒక్క పూట చూసి సరిపెట్టుకుంటే ఈ లోపం బయటపడదు, ఎందుకంటే అది కొన్ని రోజుల తరువాత గాని అడ్డు తగలదు.

పరీక్షించేటప్పుడు మరొక చిక్కు ఎదురై, మంచి ప్రింటరును కూడా చెడ్డదని మీరు పొరబడే ప్రమాదం ఉంది. ప్రింటరు సిగ్నల్‌లో ఇంటర్నెట్ ఉండదు కనుక, దానికి కలిసిన కొద్ది క్షణాలకే ఫోను ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, కొనసాగించాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను పట్టించుకోకపోతే చాలా ఫోన్లు తమంతట తామే మొబైల్ డేటాకు మారిపోతాయి. యాప్ ప్రింటరును వెతుకుతూనే ఉంటుంది, దొరకదు. దీనికి తేలికైన ఉపాయం ఫ్లైట్ మోడ్ వేసి, ఆ తరువాత వైఫై ఒక్కటే తెరవడం. అప్పుడు ఫోను వెళ్లడానికి వేరే దారి ఉండదు. అయితే ముద్రించవలసిన పీడీఎఫ్ ముందే ఫోనులోకి దిగి ఉండాలి, ఎందుకంటే ప్రింటరుకు కలిసి ఉన్నంతసేపూ మెయిల్‌లోని జతపత్రం గాని, డ్రైవ్‌లోని ఫైలు గాని తెరుచుకోవు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తుంటే దాన్నీ ఆపి చూడండి, కొన్ని వీపీఎన్‌లు పక్కనే ఉన్న పరికరాన్ని కూడా కనబడనివ్వవు. ఇవన్నీ చేసినా ఫోను ప్రింటరును గుర్తించకపోతే అది అనుసంధానపు లోపం. గుర్తించి, పేజీ పంపి, ఆ తరువాత ప్రింటరే ఇంటర్నెట్ అడిగితే అది నాకు ఎదురైన లోపం. గడువులోగా ఫిర్యాదు చేసేటప్పుడు ఈ తేడాను స్పష్టంగా రాసి, సందేశం కనిపిస్తున్న తెరను ఫోటో తీసి జతచేయండి.

ఇంటికి వచ్చే అతిథుల కోసమో, హోమ్‌స్టే కోసమో కొంటున్నవారికి వేరే కోణం ఉంది. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకుండానే అతిథి తన రైలు టికెట్టో, పరీక్ష హాల్ టికెట్టో ముద్రించుకోగలగడం నిజంగా మంచి సౌకర్యం. ఐఫోన్ సెట్టింగుల్లో వైఫై డైరెక్ట్ అన్న పేరు ఎక్కడా లేకపోయినా, `DIRECT-` పేరును మామూలు వైఫై లాగే ఎంచుకుని కలిస్తే, ఐఫోన్ నుంచి నేరుగా ముద్రించే ఎయిర్‌ప్రింట్ సదుపాయం ఉన్న ప్రింటరులో ముద్రణ జరుగుతుంది. కానీ ఇళ్లలో వాడే మోడళ్లు సాధారణంగా ఒకేసారి నాలుగైదు పరికరాలను మించి కలుపుకోవు. అందుచేత పని అయిన వెంటనే సిగ్నల్ నుంచి తప్పుకోమని అతిథులకు చెప్పవలసి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ కొన్ని ప్రింటర్లలో `12345678` వంటి అందరికీ తెలిసినదే ఉంటుంది. పక్క గదివారు మీ కాగితం మీద ముద్రించుకోవడం ఒక్కటే కాదు, బ్రౌజరులో ప్రింటరు చిరునామా కొడితే దాని సెట్టింగుల పేజీ కూడా వారికి తెరుచుకోవచ్చు. అందుకని వైఫై డైరెక్ట్ పాస్‌వర్డ్‌ను, ఆ సెట్టింగుల పేజీకి ఉండే నిర్వాహకుడి పాస్‌వర్డ్‌ను రెండింటినీ మార్చండి. మొదటిది ప్రింటరు పక్కన కాగితం మీద రాసి అంటించవచ్చు, రెండవది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

నేను కొన్న ప్రింటరు ఇప్పుడు ఇంట్లో రూటరు పక్కన ఉంది, అక్కడ అది ఏ పేచీ లేకుండా ముద్రిస్తుంది. మన్యం ప్రయాణాలకు మాత్రం ఒక మిత్రుడి పాత ప్రింటరును అడిగి తీసుకువెళుతున్నాను. దానికి యాప్ లేదు, ఖాతా లేదు. సంచిలో వేసే ముందు వారం పాటు ఏ వైఫైకీ కలపకుండా ఉంచి, రోజుకొక పేజీ తీసి చూసుకున్నాను.