బోనస్ కొనుక్కోవడమా, తిప్పుతూ కాచుక్కూర్చోవడమా? మెగావేస్‌లో ఏది మేలు

పర్లాకిమిడిలో చింతపండు, జీడిపిక్కల కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. పాతపట్నం వైపు నుంచీ, గుణుపూర్ వైపు నుంచీ వచ్చే మా బంధువర్గంలో కుర్రాళ్లంతా ఈ ఏడాది ఆన్‌లైన్ స్లాట్ ఆటల గురించి నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఏటి బావా, పందేనికి వంద రెట్లు పెట్టి బోనస్ కొనీడం మేలా, తిప్పుకుంటూ ఉంటే అదే వస్తాదా?" నేను రెండూ చేశాను. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలు నడపడం దేశమంతటా నేరమైంది, వాటికి డబ్బు బదిలీ చేసిపెట్టడమూ నేరమే. ఆడినవాడికి శిక్ష లేదు గానీ, డబ్బు ఇరుక్కుంటే అడగడానికి దిక్కూ లేదు. అంతకుముందు రెండు నెలలు ఒక విదేశీ సైట్‌లో ఆడాను. ఇప్పుడు ఉత్తుత్తి డబ్బుతో డెమోలో తిప్పి నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ లెక్క దాంట్లోంచి వచ్చిందే.

మెగావేస్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. బిగ్ టైమ్ గేమింగ్ అనే ఆస్ట్రేలియా కంపెనీ తెచ్చిన స్లాట్ పద్ధతి అది. 2016లో వచ్చిన 'బొనాంజా'తో ఊరూరా తెలిసింది. ఆరు రీళ్లు, అంటే తిరిగే నిలువు వరసలు, ఒక్కో రీల్‌లో రెండు నుంచి ఏడు బొమ్మలు, ప్రతి స్పిన్‌కీ ఆ సంఖ్య మారుతుంది. ఆరింటిలోనూ ఏడేసి పడితే బొమ్మలు కలిసే దారులు 1,17,649. తెర మీద మెరిసే ఆ పెద్ద అంకె చూసి గెలిచే అవకాశం అంత ఉందనుకుంటారు మా వాళ్లు. అది దారుల లెక్క, అవకాశాల లెక్క కాదు. దారులు అన్ని ఉంటాయి కాబట్టే ఒక్కో దారికి ఇచ్చేది తక్కువగా పెట్టుంటారు.

బోనస్ అంటే ఉచిత స్పిన్లు, అసలు డబ్బంతా వాటిలోనే దాక్కుంటుంది. గెలిచిన బొమ్మలు పేలి, పైనుంచి కొత్తవి రాలిన ప్రతిసారీ గెలుపును హెచ్చించే మల్టిప్లయర్ ఒకటి పెరుగుతుంది. మామూలు ఆటలో ఇది ఉండదు. బొనాంజా బోనస్‌లో అయితే ఒక స్పిన్ నుంచి మరో స్పిన్‌కి పోయినా అది మళ్లీ ఒకటికి దిగదు. అందుకే ఒక బోనస్ పందేనికి పాతిక రెట్లతో చప్పబడిపోతుంది, ఇంకోటి రెండు వేల రెట్లు దాటుతుంది. కొనుక్కునేది ఈ ఎగుడుదిగుడునే.

ఇప్పుడు లెక్క. అంకెలు తేలిగ్గా ఉండడానికి నేను పెట్టుకున్నవి, ఏ ఒక్క ఆటవీ కావు. పందెం 20 రూపాయలు. ఆట తిరిగిచ్చే శాతం, అంటే ఆర్టీపీ, 96. బోనస్ సగటున 240 స్పిన్లకు ఒకసారి పడుతుంది, సగటున పందేనికి 96 రెట్లు, అంటే 1,920 రూపాయలు ఇస్తుంది. కొనాలంటే వంద రెట్లు, 2,000.

కొంటే 2,000 పోసి 1,920 తీసుకుంటాం. సగటు నష్టం 80.

కాచుక్కూర్చుంటే 240 స్పిన్లకు 4,800 పోస్తాం. ఈలోపు మామూలు ఆట దాంట్లో 56 శాతం, 2,688 వెనక్కిస్తుంది. బోనస్ పడితే 1,920. మొత్తం 4,608, నష్టం 192.

కాబట్టి బోనస్ ఒక్కటికి చూస్తే కొనడమే చవక. ఇది నాకూ మొదట మింగుడు పడలేదు, కానీ లెక్క అంతే. కాచుక్కూర్చునేవాడు బోనస్ కోసం మాత్రమే ఆడుతున్నాననుకుంటాడు, మధ్యలో తిప్పిన 240 సార్లకూ నాలుగేసి పైసలు రూపాయికి కట్టుకుంటూనే ఉంటాడు. కొనేవాడు ఒక్కసారే కడతాడు. "కొనడం మోసం" అని కొట్టిపారేసేవాళ్లకు ఇక్కడ జవాబు లేదు.

అయితే మనిషి బోనస్‌ల లెక్కన ఆడడు, గంటల లెక్కన ఆడతాడు. నాకు తీర్పు చెప్పేది ఇదే.

మా కొట్లో కమీషన్ బస్తాకు ఇంత అని ఉంటుంది. సీజన్‌లో లారీ లారీకి దింపితే యజమాని బాగుపడడానికి కమీషన్ పెంచక్కర్లేదు, బస్తాలు పెరిగితే చాలు. స్లాట్ దగ్గర ఆ నాలుగు శాతం కమీషనే. ఒక స్పిన్‌కు ఆరు సెకన్లనుకుంటే గంటకు 600 స్పిన్లు, 12,000 రూపాయల బస్తాలు దిగుతాయి, నష్టం 480. బోనస్ కొంటూ పోతే ఒక్కోటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. గంటకు 30 బోనస్‌లు, 60,000. నష్టం 2,400. శాతం మారలేదు, పందెం 20 దగ్గరే ఉందని కళ్లు చెబుతుంటాయి, జేబు మాత్రం ఐదు రెట్లు వేగంగా ఖాళీ అవుతుంది. ఎందుకంటే కొన్నప్పుడు పందెం నిజానికి 20 కాదు, 2,000. తెర మీద ఒక మూల ఇంకా 20 అనే రాసి ఉంటుంది. ఆ చిన్న అంకే నన్ను రెండు నెలలు ముంచింది.

కొనేవాడు తిప్పేవాడితో సమానంగా గంటకు నష్టపోవాలంటే పందెం 20 నుంచి 4కు దించుకోవాలి. అలా దించినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు, నన్ను కలుపుకుని. అన్ని ఆటల్లో అంత తక్కువ పందెం ఒప్పుకోరు కూడా.

రెండోది సగటుకూ చేతికి వచ్చేదానికీ ఉన్న దూరం. 96 రెట్ల సగటు ఎలా పుడుతుందో ఇలా ఊహించండి. వంద బోనస్‌లలో యాభై 30 రెట్లు ఇస్తాయి, ముప్పై 70 రెట్లు, పదిహేను 150, నాలుగు 400, ఒకే ఒక్కటి 2,150. అన్నీ కూడితే 9,600, సగటు 96. అంటే వందలో ఎనభై కొన్న ధర కంటే తక్కువ ఇస్తాయి. ఆ ఒక్క పెద్దది మన వాటాకు రాకపోతే మిగతా తొంభై తొమ్మిదింటి సగటు 75 రెట్లకు పడిపోతుంది. ఆర్టీపీ 96 అని సమాచారం పేజీలో రాసింది అబద్ధం కాదు, కాకపోతే ఆ 96లో పెద్ద ముక్క ఎవరో ఒకరి ఇంటికి వెళ్తుంది.

చేతిలో 10,000 ఉన్నవాడు ఐదు బోనస్‌లు కొంటాడు, పది నిమిషాల్లో ఆట ముగుస్తుంది. పై లెక్కన ఆ ఐదింటిలో ఒక్కటి కూడా తన 2,000 తిరిగివ్వని అవకాశం మూడింట ఒక వంతు. అదే 10,000తో 20 రూపాయల స్పిన్లు, గెలిచింది మళ్లీ పెట్టకపోయినా, ఐదు వందలు తిప్పొచ్చు. దానికీ గ్యారంటీ లేదు. ఐదు వందల స్పిన్లలో బోనస్ అసలు పడకపోయే అవకాశం ఎనిమిదింట ఒక వంతు ఉంది. కాకపోతే పడకపోయినా మామూలు ఆట సగానికి పైగా వెనక్కిస్తుంది, పైగా యాభై నిమిషాలు పడుతుంది. ఆ యాభై నిమిషాల్లో అన్నం తినమని ఇంట్లో పిలుస్తారు, లేదా బండి వస్తుంది.

"ఇప్పటిదాకా పడలేదు కాబట్టి కొనేస్తే ఇప్పుడు పెద్దదే వస్తుంది" అనే మాట గుణుపూర్ రైల్లో కూడా విన్నాను. ముందు స్పిన్లు తర్వాతదానికి ఏమీ బాకీ పడి ఉండవు. కొన్న బోనస్ ఎన్నోదైనా దాని పాచిక కొత్తగా పడుతుంది.

బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 2019లోనే బోనస్ కొనే సదుపాయాన్ని తమ దేశంలో తీసేయించింది. 2021లో స్పిన్ల మధ్య కనీసం 2.5 సెకన్లు ఉండాలంది. 2025లో అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ స్లాట్‌లకు, పాతికేళ్లు నిండినవాళ్లకు, స్పిన్‌కు 5 పౌండ్ల పరిమితి పెట్టింది. ఇరవై పెన్నీల పందెం మీద వంద రెట్లంటే 20 పౌండ్లు, ఆ పరిమితికి నాలుగు రెట్లు. వాళ్లూ వేగాన్నీ, ఒక్క దెబ్బకు పోయే మొత్తాన్నీ పట్టుకున్నారని నాకు ఇందులో కనిపించింది.

డెమోలో చూసేవాళ్లు ఒక సంగతి వెతకండి. ఆట సమాచారం పేజీలో ఆర్టీపీ రెండు చోట్ల ఉండొచ్చు, మామూలు ఆటకు ఒకటి, కొనుగోలుకు ఒకటి. కొన్ని ఆటల్లో కొనుగోలుది కొంచెం ఎక్కువ. దాని కోసమే కొంటున్నామనేవాళ్లకు ఒక మాట: అర శాతం లాభం వేగం మింగేసిన ఐదు రెట్ల ముందు కనిపించదు. పైగా అదే పేరున్న ఆటను వేర్వేరు సైట్‌లు వేర్వేరు శాతాలతో పెడతాయి. డెమోలో 96 ఉన్నది డబ్బుల ఆటలో 94 ఉండొచ్చు. రెండు శాతమే కదా అనకండి, కమీషన్ నాలుగు నుంచి ఆరు అయిందంటే నష్టం ఒకటిన్నర రెట్లయినట్టే.

ఇక యాంటీ బెట్. పందెం మీద పాతిక శాతం ఎక్కువ కట్టి, బోనస్ పడే అవకాశం పెంచుకునే మీట. కొనడానికీ తిప్పడానికీ మధ్య రకం. బస్తాలు కొంచెం పెరుగుతాయి, అంతే. ఉచిత స్పిన్లు వచ్చాక వాటినే పణంగా పెట్టి ఎక్కువ స్పిన్ల కోసం చక్రం తిప్పించే ఆటలూ ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు.

నన్నడిగితే రెండింటిలో చిన్న పందెంతో నింపాదిగా తిప్పడమే మేలు, అదీ డెమోలో.

మొన్న మా బావమరిదికి నోటు పుస్తకం చూపించాను. డెమోలో 40 బోనస్‌లు కొన్న లెక్క అది. పోసింది 80,000, వచ్చింది 61,340. ముప్పై ఒకటి కొన్న ధర కంటే తక్కువ. పదిహేడో వరసలో మాత్రం 14,200 ఉంది, దాని చుట్టూ అప్పుడు నేనే ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాను.

వాడి కన్ను నేరుగా ఆ ఎర్ర గీత మీద పడింది. "దీన్నే ముందు కొనీసుంటే బావా?" అన్నాడు.

"అది పదిహేడోది రా. దాని దాకా రావడానికే 32,000 పోశాను," అన్నాను.

వాడు మాట్లాడకుండా పై వరస మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కిందికి దిగడం మొదలుపెట్టాడు.