కాడ్‌సైలానా, ఎన్‌హెర్టూనా? మోసేది ఒకే యాంటీబాడీ, మరి ఏది మేలు?

కొన్ని నెలల కిందట ఒకబ్బాయి వాళ్లమ్మ ఫైలు పట్టుకుని మా ఫార్మసీ కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నా, అమ్మ రొమ్ము క్యాన్సర్‌కి డాక్టరు గారు రెండు మందుల పేర్లు చెప్పారు, కాడ్‌సైలా అని ఒకటి, ఎన్‌హెర్టూ అని ఇంకొకటి. రెండింట్లోనూ అమ్మకు ఇంతకుముందు ఎక్కించిన ట్రాస్టుజుమాబే ఉందంట కదా, మరి రేటులో అంత తేడా ఏంటి? ఏది మేలు?" నేను ఇంజెక్షన్లు కలిపే ఫార్మసిస్టునే గానీ రాసే డాక్టర్ని కాను, అయినా ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు అసలు ఇవేంటో చూద్దాం. రొమ్ము కణితి కణాల పైన హర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ వెళ్లి దానికి అతుక్కుంటుంది. ఆ యాంటీబాడీకి కీమో మందు మూట కట్టి పంపిస్తే, అది కణం లోపలికి వెళ్లాక అక్కడ మూట విప్పుకుంటుంది. కాడ్‌సైలా, ఎన్‌హెర్టూ రెండూ ఇదే పని చేస్తాయి. మోసుకెళ్లే మనిషి ఒకడే, మూటలో సరుకు వేరు, మూటకు కట్టిన తాడు వేరు. తేడా అంతా అక్కడే ఉంది, మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే పుడతాయి.

కాడ్‌సైలా సంగతి (డాక్టర్లు టీ-డీఎం1 అంటారు). ఇందులో మూట డీఎం1 అనే మందు, కణం విడిపోయేటప్పుడు పనికొచ్చే సన్నటి గొట్టాల్లాంటి పోగుల్ని కట్టనివ్వదు. దీని మూలమైన మేటాన్సిన్‌ని 1970లలో విడి మందుగా ఇచ్చి చూశారు, మనుషులు తట్టుకోలేకపోయారు, అందుకే పక్కన పెట్టేశారు. యాంటీబాడీకి కట్టాకే అది మందుగా బతికింది. ఒక్కో యాంటీబాడీకి సగటున మూడున్నర డీఎం1లు ఉంటాయి, తాడు తెగని రకం. అంటే కణం లోపల యాంటీబాడీ మొత్తం జీర్ణమైపోతేగానీ మందు బయటపడదు, పడ్డాక కూడా తాడు ముక్క దానికే అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ కణం గోడ దాటి పక్క కణంలోకి పోలేదు. ఎవరింట్లో దిగిందో వాళ్లింట్లోనే పని.

ఎన్‌హెర్టూ (టీ-డీఎక్స్‌డీ) తీరు వేరు. ఒక్కో యాంటీబాడీకి దాదాపు ఎనిమిది మూటలు. సరుకు డీఎక్స్‌డీ, డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమును అడ్డుకునే మందు. తాడు నాలుగు అమైనో ఆమ్లాలతో చేసింది, కణం లోపలి ఎంజైములు దాన్ని చటుక్కున తెంపేస్తాయి. విడుదలైన డీఎక్స్‌డీ గోడ దాటగలదు, పక్కనున్న కణం మీద హర్‌2 లేకపోయినా దాన్నీ చంపుతుంది. దీన్నే బైస్టాండర్ ఎఫెక్ట్ అంటారు. ఏ కణితిలోనూ అన్ని కణాలూ ఒకే మోతాదులో హర్‌2 మోయవు, కొన్ని నిండుగా, కొన్ని అరకొరగా, కొన్ని అసలు లేకుండా ఉంటాయి, కాబట్టి ఈ గుణం చిన్న విషయం కాదు.

రెండింటినీ నేరుగా ఢీకొట్టించిన పరీక్ష డెస్టినీ-బ్రెస్ట్03. జబ్బు వేరే అవయవాలకు పాకి, ట్రాస్టుజుమాబ్, టాక్సేన్ కీమో అయిపోయిన 524 మంది మీద చేశారు. ఏడాది తర్వాత చూస్తే జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఎన్‌హెర్టూ వైపు 75.8 శాతం, కాడ్‌సైలా వైపు 34.1 శాతం. ఇంత తేడా ఎదురెదురు పరీక్షల్లో అరుదు. అందుకే పాకిన జబ్బులో, ఊపిరితిత్తులు బాగుండి డబ్బు సమకూరితే, నా లెక్కలో ఎన్‌హెర్టూయే, ఇక్కడ నాకు ఊగిసలాట లేదు.

హర్‌2 తక్కువున్న వాళ్ల విషయంలో అసలు పోటీయే లేదు. కణాల మీద హర్‌2 ఎంతుందో రంగు వేసి చూసే ఐహెచ్‌సీ రిపోర్టులో 3+ ఉంటే పాజిటివ్, 2+ ఉంటే హర్‌2 జన్యువును లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేసి తేల్చాలి, ఇవి చాలామందికి తెలుసు. 1+ గానీ, 2+ వచ్చి ఫిష్ నెగటివ్ గానీ అయితే ఇంతకుముందు "నెగటివ్" అని ఫైలు మూసేసేవాళ్లు. డెస్టినీ-బ్రెస్ట్04లో సరిగ్గా అలాంటి, జబ్బు పాకిన వాళ్లకు ఎన్‌హెర్టూ ఇస్తే మామూలు కీమోతో పోలిస్తే ఆయుష్షు మధ్యస్థంగా 16.8 నెలల నుంచి 23.4 నెలలకు పెరిగింది. 2022లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో సమావేశంలో ఈ ఫలితం చెప్పినప్పుడు హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కాడ్‌సైలాకి ఇక్కడ చోటు లేదు, కారణం పైన చెప్పిందే. కాబట్టి పాత రిపోర్టులో "నెగటివ్" అన్న మాట ఒక్కటే చూసి ఊరుకోకండి, పక్కనున్న అంకె చూడండి. హర్‌2తో పాటు రెండు హార్మోన్ రిసెప్టర్లూ లేని, నిజంగా ట్రిపుల్ నెగటివ్ అయినవాళ్లకు సాసిటుజుమాబ్ అనే ఇంకో మూట మందు ఉంది, అది హర్‌2ని కాకుండా ట్రాప్-2 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, దాని లెక్కలు వేరు.

ఇప్పుడు ఎన్‌హెర్టూ వల్ల వచ్చే అసలు టెన్షన్. ఊపిరితిత్తులు వాయడం, ఐఎల్‌డీ అంటారు. డెస్టినీ-బ్రెస్ట్03 మొదటి లెక్కల్లో ఎన్‌హెర్టూ వైపు 10.5 శాతం మందికి, కాడ్‌సైలా వైపు 1.9 శాతం మందికి వచ్చింది. అందులో ఎవరూ చనిపోలేదు, కానీ బ్రెస్ట్04లో ముగ్గురు పోయారు. కోతుల మీద చేసిన పరీక్షల్లో మందు ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాల్లోకి వెళ్లడం కనిపించింది, హర్‌2తో పని లేకుండానే. అది మొదలవడం జలుబులాగే మొదలవుతుంది: పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కొంచెం జ్వరం. కొందరికి అదీ ఉండదు, సీటీలో మాత్రమే మంచు కమ్మినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. సీటీలో మాత్రమే ఉంటే గ్రేడ్ 1, మందు ఆపి, స్టెరాయిడ్ ఆలోచించి, పూర్తిగా తగ్గాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. లక్షణాలు కూడా ఉంటే గ్రేడ్ 2, అప్పుడు ఎన్‌హెర్టూ ఇక జన్మలో వద్దు, వెంటనే కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసోలోన్ లేదా దానికి సమానమైన స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. ఛాతీకి రేడియేషన్ పడినవాళ్లలో ఇంకో చిక్కు ఉంది, రేడియేషన్ వల్ల కూడా ఊపిరితిత్తి వాస్తుంది, ఏది దేనివల్లో తేల్చడానికి పల్మనాలజిస్టు, రేడియాలజిస్టు కూర్చుని మాట్లాడుకోవాలి.

కాడ్‌సైలా ఏమీ చేయదని కాదు. దానితో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి, అందుకే ప్రతి డోసుకు ముందు రక్త పరీక్ష తప్పదు. కానీ జుట్టు చాలామందికి నిలుస్తుంది, వాంతులు తక్కువ. ఎన్‌హెర్టూతో వికారం చాలా ఎక్కువ, ముందే రెండు మూడు రకాల వాంతి మందులు కలిపి ఇవ్వాలి, జుట్టు కూడా కొందరికి రాలుతుంది. "టార్గెటెడ్ అంటే కీమో కాదు కదా" అనుకుని వచ్చేవాళ్లకు మూడో రోజు అర్థమవుతుంది అది కీమోనే అని. గుండె కోసం ఎకో రెండింటికీ చేయాలి.

మా వైపు ఒక జాగ్రత్త, అటెండెంట్లు కూడా తెలుసుకుంటే మంచిది. అసలు పేర్లన్నీ ట్రాస్టుజుమాబ్‌తోనే మొదలవుతాయి, కాడ్‌సైలాది ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్, ఎన్‌హెర్టూది ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, మోతాదులు మాత్రం వేరు. మామూలు ట్రాస్టుజుమాబ్ మూడు వారాలకోసారి కిలోకు 6 మిల్లీగ్రాములు, కాడ్‌సైలా 3.6, ఎన్‌హెర్టూ 5.4. కాడ్‌సైలాని సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్ వద్దు. ఎన్‌హెర్టూని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ వద్దు. సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది, అందుకే మేం లేబుల్ మీద పూర్తి పేరు రాసి, ఇద్దరం చూశాకే బయటికి పంపుతాం. బెడ్ దగ్గర నర్సు పేరు చదివేటప్పుడు "ట్రాస్టుజుమాబ్" తర్వాత వచ్చే మాట కూడా వినండి.

ఇక ఆ అబ్బాయి వాళ్లమ్మ దగ్గరికి వస్తే, ఆవిడది పాకిన జబ్బు కాదు. హర్‌2 3+, ఆపరేషన్‌కి ముందే కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ అయ్యాయి, అయినా ఆపరేషన్ బయాప్సీలో 1.4 సెంటీమీటర్ల గడ్డ మిగిలింది, చంకలో రెండు గ్రంథుల్లో కూడా కణాలు ఉన్నాయి. ఇలా మిగిలిన వాళ్లకు చాలాకాలంగా కాడ్‌సైలా 14 డోసులు ఇవ్వడం పద్ధతి. కేథరిన్ పరీక్షలో మూడేళ్ల తర్వాత జబ్బు తిరిగి రాకుండా ఉన్నవాళ్లు ట్రాస్టుజుమాబ్‌తో 77 శాతమైతే కాడ్‌సైలాతో 88.3 శాతం. 2025లో వచ్చిన డెస్టినీ-బ్రెస్ట్05 ఇదే చోట రెండింటినీ పోల్చి, మూడేళ్లకు కాడ్‌సైలాతో 83.7, ఎన్‌హెర్టూతో 92.4 శాతం అని చూపింది. కాడ్‌సైలా అంకె ఇక్కడ ఎందుకు తగ్గిందని అడుగుతారు, మందు మారలేదు, బ్రెస్ట్05లో చేర్చుకున్నదే ప్రమాదం ఎక్కువున్న వాళ్లని, అంటే గ్రంథుల్లో మిగిలినవాళ్లు, మొదట్లో ఆపరేషన్‌కే వీలుకాని వాళ్లు. వేర్వేరు పరీక్షల అంకెల్ని పక్కపక్కన పెట్టి కొలవకూడదు. రొమ్ములో చిన్న ముక్క మాత్రమే మిగిలి, గ్రంథులు శుభ్రంగా ఉంటే, కాడ్‌సైలా నాకు ఇప్పటికీ మంచి మందే. కానీ ఈవిడకు గ్రంథుల్లో ఉంది.

రేటు మాటకొస్తే, 2021 నుంచి కాడ్‌సైలాకి జైడస్ కంపెనీ దాన్ని పోలినట్టే ఇక్కడ చేసిన మందు, అంటే బయోసిమిలర్ దొరుకుతోంది, ఖర్చు బాగా తగ్గింది. ఎన్‌హెర్టూ మీద 2024 జూలై బడ్జెట్లో కస్టమ్స్ సుంకం తీసేశారు, ఆ తర్వాత జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు, అయినా భారమే. బరువు లెక్క కూడా చూసుకోండి. ఆవిడ 55 కిలోలు, 5.4తో గుణిస్తే 297 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాముల వయల్స్ మూడు సరిపోతాయి. అదే 60 కిలోలైతే 324, నాలుగో వయల్ తెరవాలి, అందులో ముప్పావు వంతు వృథా. అలాంటప్పుడు అదే రోజు ఇంకో పేషెంటుకీ ఎన్‌హెర్టూ ఉంటే కలిపి వాడొచ్చేమో అడగండి, కొన్నిచోట్ల చేస్తారు.

వాళ్లు పొలం మీద అప్పు తెచ్చి ఎన్‌హెర్టూకే వెళ్లారు. నాకు మాత్రం డబ్బు కన్నా ఇంకో సంగతి గుచ్చింది, వాళ్ల ఊరి నుంచి సీటీ ఉన్నచోటికి రెండున్నర గంటలు, దగ్గు వస్తే ఏం చేస్తారు? అందుకే డాక్టరు గారు మొదలుపెట్టే ముందు ఛాతీ సీటీ తీయించారు, చిన్నప్పటి టీబీ మచ్చ తప్ప ఏమీ లేదు, పల్మనాలజిస్టు కూడా సరే అన్నారు. పల్స్ ఆక్సీమీటరు ఒకటి కొనిపించి, రోజూ పొద్దున కూర్చుని ఒకసారి, ఆరు నిమిషాలు నడిచాక ఒకసారి చూసి రాయమన్నారు.

మూడో డోసు తర్వాత ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "దగ్గుతోంది అన్నా, వాతావరణం మారింది కదా, జలుబే అయ్యుంటుంది." నడిచాక ఆక్సిజన్ ఎంత అన్నాను. పొద్దున 97, నడిచాక 96, రాసిన కాగితం ఫొటో పంపాడు. అయినా డాక్టరు గారు రమ్మన్నారు, సీటీ తీశారు, శుభ్రంగా ఉంది, నిజంగానే జలుబు. దగ్గు తగ్గేదాకా ఒక వారం ఆపి నాలుగో డోసు ఇచ్చారు, అప్పటికి బరువు 54కి దిగింది, 292 మిల్లీగ్రాములు, మూడు వయల్సే.