ఇరుకు వంటగదిలో ఏది మేలు? బూట్లు, ఏప్రాన్ల పోలిక

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న ఒక టిఫిన్ సెంటరు వంటగదిని ఉదాహరణగా తీసుకుందాం. ఒక గోడ వెంట దోసెల పెనం, దాని పక్కనే గారెల బాండీ ఉంటాయి. వాటికి ఎదురుగా మూడడుగుల దూరంలో గిన్నెలు కడిగే తొట్టి, కింద నున్నని టైల్స్. తొట్టి నుంచి చిందిన సబ్బునీళ్లు, బాండీ నుంచి తుళ్లిన నూనె, కింద పడిన పిండి కలిసి ఉదయం ఎనిమిది గంటలకల్లా నేల మీద పలుచని పొరగా పరుచుకుంటాయి. ఇక్కడ పనిచేసేవారికి జారడం, కాలడం వేర్వేరు ప్రమాదాలు కావు. జారే మనిషి చేయి ఆసరా కోసం వెతికేది పొయ్యి గట్టునే. అందువల్ల ఏ బూట్లు, ఏ ఏప్రాన్ అని ఎంచుకునేటప్పుడు అవి వేడిని ఎంత ఆపుతాయన్నదే కాక, వేడి లోపలికి చేరితే ఎంత త్వరగా విప్పగలమన్నది కూడా చూడాలి. ఈ రెండో ప్రశ్నను కొనేవారు సాధారణంగా అడగరు.

ముందుగా జారడం సంగతి. తడి నేల మీద మడమ ఆనిన క్షణంలో బూటు అడుగుకూ టైలుకూ మధ్య ద్రవం చిక్కుకుంటే, కాలు నేల మీద కాక ఆ ద్రవం మీద నిలుస్తుంది. అడుగున దగ్గరదగ్గరగా ఉన్న చిన్న గాడులు ఆ ద్రవానికి బయటికి పోయే దారి ఇస్తాయి, వాటి పదునైన అంచులు పొరను కోసి నేలను పట్టుకుంటాయి. గమ్ బూట్ల మీద చాలామందికి ఉన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. వాటిలో చాలా రకాలకు ఉండే లోతైన, ఎడమెడమైన పళ్లు పొలంలో బురదకు సరిపోతాయి కాని, నున్నని టైలు మీద ఆనే అంచులు తక్కువ కావడంతో పట్టు కూడా తక్కువే ఉంటుంది. హవాయి చెప్పుల గాడులు మొదటినుంచీ లోతు తక్కువ. పైగా మామూలు రబ్బరు నూనె తాగి ఉబ్బి మెత్తబడుతుంది. నూనె తగిలే చోట నైట్రైల్ రబ్బరు అడుగు మన్నుతుంది.

ఇప్పుడు గారెల బాండీ నుంచి ఒక గరిటెడు నూనె, సుమారు 180 డిగ్రీల వేడితో, పాదం మీద పడిందనుకుందాం. హవాయి చెప్పులైతే నూనె నేరుగా చర్మం మీద పడుతుంది, ఇక చెప్పడానికేమీ లేదు. పైన చిల్లులున్న ఫోమ్ చెప్పులు తేలికగా, చవకగా, కడగడానికి వీలుగా ఉంటాయి కాబట్టి హోటళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి; కాని నూనె ఆ చిల్లుల గుండా దిగి లోపలే నిలుస్తుంది, ఆ ఫోమ్ కూడా నూనె వేడికి చాలా ముందే మెత్తబడే రకం. గమ్ బూట్లు పాదం పైభాగాన్ని బాగానే కాస్తాయి, అయితే ప్యాంటును బూటులోకి దోపుకున్నప్పుడు గుడ్డ వెంట జారిన గంజో నూనో బూటు నోటి గుండా లోపలికి చేరితే, చెమటతో కాలికి అతుక్కున్న ఆ బూటును లాగే లోపు జరగవలసిన నష్టం జరిగిపోతుంది. చిల్లులు లేకుండా పాదం మొత్తాన్ని కప్పే, తాళ్లు లేని, నైట్రైల్ రబ్బరు అడుగున్న బూటు ఈ నాలుగింటిలో మేలైనది: నూనె పైనుంచి జారిపోతుంది, లోపలికి చేరినా కాలు విదిలిస్తే ఊడి వస్తుంది. ప్యాంటు అంచు మాత్రం ఎప్పుడూ బూటు పైనే వేలాడాలి.

కొనేటప్పుడు ఐఎస్‌ఓ 20347 గుర్తు చూడవచ్చు. అది ముందుభాగంలో ఇనుప టోపీ లేని పనిబూట్లకు సంబంధించిన ప్రమాణం. పాత గుర్తుల్లో ఎస్‌ఆర్‌సి అంటే సబ్బునీళ్లు పోసిన టైలు మీద, గ్లిజరిన్ పోసిన ఉక్కు మీద రెండింటా నెగ్గినదని అర్థం. 2022 సవరణ తరువాత సబ్బునీళ్ల పరీక్ష ప్రాథమిక షరతైంది. టైలు మీద గ్లిజరిన్ పరీక్షలో కూడా నెగ్గితే ఎస్‌ఆర్ అని వేస్తారు. ఈ పరీక్షలు కొత్త అడుగు మీద చేసేవి. గాడుల్లో దోసెల పిండి ఎండి గట్టిపడ్డ అడుగుకు ఆ గుర్తు ఏ హామీ ఇవ్వదు. రాత్రి పని ముగిశాక అడుగును బ్రష్షుతో రుద్ది కడిగి, తడి బూటుతో పొడిగా ఉన్న సిమెంటు నేల మీద ఒక అడుగు వేసి చూడండి. మడమ ముద్రలో గీతలు కనిపించక ఒకే మరకగా పడితే, పైభాగం ఎంత కొత్తగా ఉన్నా ఆ బూటు పని అయిపోయినట్టే.

ఏప్రాన్ విషయంలో తీర్పు అంత సులువు కాదు. నూలు గుడ్డ కరగదు, మాడుతుంది. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూనె వేడి అంతవరకు పోకపోవచ్చు కాని, గ్యాస్ మంట అంచు తగిలితే క్షణం చాలు. బజారులో ముడత పడదని, త్వరగా ఆరుతుందని అమ్మే నూలు, పాలిస్టర్ కలనేత ఈ రెండింటికీ మధ్యస్థమని అనుకోవడం పొరపాటు: మంట అంటుకున్నప్పుడు మాడిన నూలు వత్తిలా నిలిచి, కరిగిన పాలిస్టర్‌ను పట్టి ఉంచి మండిస్తుంది. అలాగని నూలు నిర్దోషి కాదు. మరిగే గంజి పడితే అది పీల్చుకుని వేడిని ఒంటికి ఆనించి ఉంచుతుంది, కాబట్టి దాన్ని వెంటనే విప్పగలగాలి. నడుము తాడును వెనుక పీటముడి వేయకుండా, ఒక కొస లాగితే ఊడే జారుముడిగా ముందువైపు వేసుకోవడం అందుకే. విప్పిన తరువాత కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పారించాలి.

రెక్సిన్ లేదా ప్లాస్టిక్ ఏప్రాన్ గంజిని లోపలికి రానివ్వదు, కాని మంట దగ్గర అది కూడా కరుగుతుంది. అంతకన్నా రోజువారీ ఇబ్బంది మరొకటి ఉంది. వంటగది గాలి చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, దాటినప్పుడు శరీరం వేడిని వదిలించుకోవడానికి చెమట ఆరడం తప్ప దాదాపు వేరే దారి ఉండదు, ప్లాస్టిక్ ఆ దారినే మూస్తుంది. కాబట్టి అది తొట్టి దగ్గర గిన్నెలు కడిగేవారికి తగినది. పెనం దగ్గర మాస్టరుకూ, బాండీ దగ్గర గారెలు వేసేవారికీ మోకాళ్ల కిందికి దిగే నూలు డ్రిల్లు గుడ్డ ఏప్రానే మేలు. జీన్స్ గుడ్డ ఇంకా మందమే కాని, తడిస్తే బరువెక్కి ఆరడానికి పూటంతా పడుతుంది. ఒకరికి రెండు ఏప్రాన్లు ఇచ్చి, తడిసినదాన్ని పూట మధ్యలో మార్చుకోనివ్వడం ఒక మందపు ఏప్రాన్ కొనడం కన్నా ఉపయోగం. తడి గుడ్డ గుండా వేడి చాలా త్వరగా పాకుతుంది కాబట్టి, తడిసిన ఏప్రాన్ కొంగుతోనో తడి మసిగుడ్డతోనో గిన్నె దించే అలవాటును యజమానులు గట్టిగా మాన్పించాలి.

ఏప్రాన్ మీద "వంద శాతం కాటన్" అని రాసి ఉన్నా, అంచు నుంచి ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడటం మంచిది. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే పోగు ముడుచుకుని, చల్లారాక కొసన గోరుకు గట్టిగా తగిలే నల్లని గుండు మిగులుతుంది.