చందా గుర్తుచేసే ఉత్తరం: నోటీసా, విన్నపమా, లెక్క చెప్పే లేఖా – ఏది మేలు?

ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలు ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు మీద నడుస్తాయి కనుక, పాఠకులు ఏటా చందా కడతారా లేదా అన్న దానిపై వాటి మనుగడ ఆధారపడదు. కాలనీ వాసులు తమకు తాముగా పెట్టుకున్న చిన్న గ్రంథాలయాల సంగతి వేరు. అక్కడ గది కరెంటు బిల్లు, వారపత్రికల ఖర్చు, సాయంత్రం పూట కూర్చునే మనిషి జీతం అన్నీ సభ్యుల చందాల నుంచే రావాలి. అందువల్ల మార్చి నెల వచ్చేసరికి ఆ కమిటీలన్నిటి ముందూ ఒకే పని ఉంటుంది. చందా గడువు ముగుస్తోందని సభ్యులకు ఉత్తరం రాయాలి, అది అప్పులవాడి తాకీదులా ఉండకూడదు. ఏళ్లుగా ఇలాంటి ఉత్తరాలు రాసినవాడిగా, అందుకున్నవాడిగా, సాధారణంగా కనిపించే మూడు రకాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఉదాహరణకు 240 మంది సభ్యులు, ఏడాదికి 300 రూపాయల చందా, 500 రూపాయల ధరావతు ఉన్న గ్రంథాలయాన్ని ఊహించుకుందాం.

మొదటి రకం నోటీసు. దాని భాష మనందరికీ కంఠస్థమే: “సభ్యులకు తెలియజేయునది ఏమనగా, సభ్యత్వ కాలపరిమితి మార్చి 31తో ముగిసినది. ఇంకను చందా చెల్లించనివారు వెంటనే చెల్లించగలరు. లేనియెడల పుస్తకములు ఇవ్వబడవు.” దీనిలో ఒక గుణం ఉందని ఒప్పుకోవాలి. తేదీ స్పష్టంగా ఉంది, ఉత్తరం మూడు వాక్యాల్లో ముగిసింది. అయితే చదివేవారిని నొప్పించే మాట “ఇంకను”. ఆ ఒక్క మాటతో, గుర్తులేక ఆగిన మనిషి ఎగవేతదారుల జాబితాలో చేరిపోతాడు. “చెల్లించగలరు” అన్నది మన కార్యాలయాల భాషలో మర్యాదగా స్థిరపడిన మాటే అయినా, దాని వెనుకే “లేనియెడల” వచ్చేసరికి ఆ మర్యాద నిలవదు. పైగా ఎంత కట్టాలో, ఎక్కడ కట్టాలో, ఎవరికి ఇవ్వాలో ఈ నోటీసులో లేదు. కట్టాలనుకున్నవారు సైతం ఎవరినో అడగాలి కాబట్టి రేపటికి వాయిదా వేస్తారు.

రెండో రకం విన్నపం. మంచి మనసున్న కార్యదర్శులు ఎక్కువగా దీనివైపు మొగ్గుతారు: “చాలామంది సభ్యులు చందా పునరుద్ధరించుకోకపోవడం వల్ల గ్రంథాలయాన్ని నడపడం కష్టంగా మారింది. ఖర్చులు పెరిగాయి. మీరు కూడా సహకరించకపోతే మూసివేయవలసిన పరిస్థితి వస్తుంది.” బాధ నిజమైనదే కావచ్చు. కానీ ఈ ఉత్తరం తాను కోరిన దానికి సరిగ్గా విరుద్ధమైన కబురు మోసుకెళ్తుంది. చాలామంది కట్టడం లేదని వినగానే, కట్టకపోవడమే ఇక్కడి మామూలు అని చదివేవారికి అర్థమవుతుంది. అమెరికాలోని అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ ఉద్యానవనం ఉంది. సందర్శకులు అక్కడి శిలాజ కలపను ఎత్తుకుపోకుండా రకరకాల బోర్డులు పెట్టి మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డినీ బృందం పరీక్షించింది. గతంలో ఎందరో సందర్శకులు కలప తీసుకుపోయారని విచారం వెలిబుచ్చిన బోర్డు ఉన్నచోట, తీసుకోవద్దని సూటిగా కోరిన బోర్డు ఉన్నచోటి కంటే దొంగతనం ఎక్కువగా జరిగింది. తప్పు ఎంత విస్తృతంగా జరుగుతోందో చెప్పి దాన్ని ఆపాలనుకోవడంలోని ప్రమాదం ఇదే. విన్నపంలో ఇంకో చిక్కూ ఉంది. మూసివేత మాట ఒకసారి రాస్తే సభ్యులు కదులుతారు. మరుసటి ఏడాదీ అదే మాట రాస్తే నమ్మరు. మూతపడబోయే చోట ఏడాది చందా ముందుగా కట్టడం దేనికని ఆలోచించేవారూ ఉంటారు.

మూడోది లెక్క చెప్పే లేఖ. ఇందులో గ్రంథాలయం తన అవసరం గురించి మాట్లాడదు; ఆ ఇంటికి తాను ఏం చేసిందో, ఇక ముందు ఏం చేయాలో చెబుతుంది. నేను సిఫారసు చేసే రూపం ఇది:

“గౌరవనీయులైన (పేరు) గారికి నమస్కారం. సభ్యత్వ సంఖ్య 117పై ఉన్న మీ కుటుంబ సభ్యత్వం మార్చి 31న ముగుస్తుంది. ఈ ఏడాది మీ ఇంటికి 23 పుస్తకాలు వెళ్లి తిరిగి వచ్చాయి. వచ్చే ఏడాదికి చందా 300 రూపాయలు. దీన్ని సాయంత్రం 5 నుంచి 8 గంటల మధ్య గ్రంథాలయంలో ఇవ్వవచ్చు, లేదా కింద ఉన్న క్యూఆర్ కోడ్ ద్వారా పంపవచ్చు. పంపేటప్పుడు వివరాల గడిలో 117 అని రాస్తే రసీదు మరునాటికి సిద్ధంగా ఉంటుంది. ఈ ఏడాది కొనసాగించే ఉద్దేశం లేకపోతే, మీ దగ్గరున్న పుస్తకాలు ఇచ్చి 500 రూపాయల ధరావతు తీసుకోవచ్చు. ఆ మాట ముందే చెబితే మళ్లీ ఉత్తరం రాయం.”

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. “ముగుస్తుంది” అని భవిష్యత్తులో చెప్పినప్పుడు తప్పు ఎవరి మీదా పడదు. “ముగిసింది” అన్న నాటి నుంచే ఆ భారం మొదలవుతుంది. కాబట్టి ఈ ఉత్తరం మార్చి రెండో వారంలో చేరాలి, ఏప్రిల్‌లో కాదు. 23 అన్న సంఖ్య పొగడ్త కాదు, ఇష్యూ రిజిస్టరులో ఉన్న నిజం. 300 రూపాయలను 23తో భాగించి ఒక్కో పుస్తకానికి 13 రూపాయలు పడిందని మనం రాయనక్కరలేదు, చదివేవారే లెక్క వేసుకుంటారు. మనం వేసి చూపిస్తే అది అమ్మకపు ప్రకటనలా తయారవుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, సంఖ్య రాయాలి గానీ పుస్తకాల పేర్లు రాయకూడదు. కుటుంబ సభ్యత్వంలో చందా కట్టేది ఒకరు, చదివేది మరొకరు. ఇంటి కోడలు ఏ నవల తీసుకుందో, కాలేజీ చదివే కుర్రవాడు ఏ జబ్బు గురించి చదివాడో ఇంటిపెద్ద పేరున వచ్చే ఉత్తరంలో బయటపడటం గ్రంథాలయం చేయరాని పని. రెండోది, ఏడాదంతా ఒక్క పుస్తకమూ తీసుకోని ఇళ్లకు ఈ వాక్యాన్ని పూర్తిగా తీసేయాలి. “మీ ఇంటికి 0 పుస్తకాలు” అని అచ్చయిన ఉత్తరం, చందా దండగైందని మనమే నచ్చజెప్పినట్లు అవుతుంది. వారికి ఆ స్థానంలో, ఆ ఏడాది చేరిన కొత్త పుస్తకాల్లో మూడు నాలుగింటి పేర్లు రాయాలి. పిల్లలున్న ఇల్లయితే పిల్లల పుస్తకాల పేర్లు రాయడం ఇంకా మంచిది.

కమిటీల్లో ఎక్కువ చర్చ రేగేది ధరావతు వాక్యం దగ్గరే. వెళ్లిపోయే దారి మనమే చూపిస్తే సభ్యులు పోతారు కదా అని కోశాధికారి అడగడం సహజం. నా అభిప్రాయంలో ఈ వాక్యమే లేఖను సతాయింపు కాకుండా కాపాడుతుంది. వద్దనుకున్న మనిషికి వద్దని చెప్పే మర్యాదైన మార్గం లేనప్పుడు, అతడు మౌనంగా ఉంటాడు, ఎదురుపడితే తప్పుకుంటాడు, తీసుకున్న పుస్తకాలు అతని ఇంట్లోనే ఉండిపోతాయి. ధరావతు కోసం వచ్చినప్పుడు పుస్తకాలైనా చేతికొస్తాయి, ఎందుకు మానుకుంటున్నారో ఒక మాటైనా తెలుస్తుంది. వేళలు కుదరక మానుకుంటున్నామని నలుగురు చెబితే, అది ఏ ఉత్తరమూ తీర్చలేని కారణమని కమిటీకి అర్థమవుతుంది. అయితే ఒక పరిమితి ఉంది. ధరావతు సొమ్మును ఇదివరకే బీరువాలకో పుస్తకాలకో ఖర్చుపెట్టేసిన గ్రంథాలయం, దాన్ని తిరిగి సమకూర్చుకునేదాకా ఈ వాక్యం రాయకూడదు.

లేఖను చేర్చే మార్గం గురించి క్లుప్తంగా చెబుతాను. వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒకేసారి పెట్టిన సందేశం కట్టినవారినీ కట్టనివారినీ ఒకే గాటన కడుతుంది. కట్టనివారి పేర్ల జాబితాను గ్రూపులో పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు. కాగితం మీద అచ్చువేసి, పుస్తకం తీసుకునేటప్పుడు కవరులో చేతికివ్వడం అన్నిటికంటే బాగా పనిచేస్తుందని నా నమ్మకం. మార్చిలో రానివారికి మాత్రం ఫోనుకు విడిగా పంపాలి.

నిజానికి సభ్యులను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించేది లేఖలోని భాష కాదు, కట్టేసిన తర్వాత వచ్చే రెండో లేఖ. క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన సొమ్ము బ్యాంకు ఖాతాలో కొడుకు పేరుతోనో భార్య పేరుతోనో కనిపిస్తుంది, సభ్యత్వం తండ్రి పేరున ఉంటుంది. రెండూ కలవక కోశాధికారి జాబితాలో ఆ ఇల్లు బకాయిగానే మిగులుతుంది. వివరాల గడిలో సభ్యత్వ సంఖ్య రాయమని కోరేది అందుకే. ఏప్రిల్ 20 ప్రాంతంలో రెండో లేఖ పంపే ముందు ఖాతా వివరాలను, రసీదు పుస్తకాన్ని, సభ్యుల జాబితాను ఒకసారి పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఎవరిదో తేలని చెల్లింపు ఒక్కటి మిగిలినా, అది ఎవరిదో తెలిసేవరకు రెండో లేఖ ఆపడమే మేలు.

మూడో రకమే మేలని నేనన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు, పరీక్షించి చూడవచ్చు. బేసి సభ్యత్వ సంఖ్యలవారికి పాత నోటీసు, సరి సంఖ్యలవారికి కొత్త లేఖ ఒకే రోజున పంపి, ఏప్రిల్ 15 నాటికి ఎందరు కట్టారో లెక్కించాలి. పాత సభ్యులు ఒక వైపు, కొత్తవారు మరో వైపు పోగుపడకుండా బేసి సరి విభజన కాపాడుతుంది. ఫలితాన్ని చదవడంలోనే తొందర పనికిరాదు. ఒక్కో వైపు ఉన్న 120 మందిలో నోటీసుకు 72 మంది, లేఖకు 78 మంది కట్టారనుకుందాం. ఆరుగురి తేడా చూసి లేఖ గెలిచిందని ప్రకటించడం సరికాదు, ఎందుకంటే రెండు వైపులా ఒకే ఉత్తరం పంపినా అంత తేడా యాదృచ్ఛికంగా తరచూ వస్తుంది. ఇంత చిన్న సమూహాల్లో తేడా సుమారు 15 మంది దాటితే తప్ప నమ్మదగినదిగా భావించకూడదు. తేడా అంతకంటే తక్కువైతే మరుసటి ఏడాది మళ్లీ అదే విధంగా పంపి, రెండేళ్ల లెక్కలూ కలిపి చూడాలి. పక్కపక్క ఇళ్లవారు ఉత్తరాలు పోల్చుకుని తేడా ఎందుకని అడిగితే, ఏ ఉత్తరం బాగుందో తెలుసుకోవాలని రెండు రకాలుగా పంపామని ఉన్నదున్నట్లు చెప్పాలి.

రెండో లేఖకూ బదులు రాకపోతే మూడోది పంపవలసింది మే చివర్లో, అదీ చందా కోసం కాదు. “మీ సభ్యత్వాన్ని ఈ నెలాఖరుతో మూసివేస్తున్నాం. మీ ధరావతు 500 రూపాయలు మా దగ్గర భద్రంగా ఉంది. ఎప్పుడు వచ్చినా తీసుకోవచ్చు. మళ్లీ చేరాలనుకుంటే అదే సంఖ్యతో చేర్చుకుంటాం” అని రాసి, ఆ పేరును లేఖల జాబితా నుంచి తీసివేయాలి.