అబ్‌స్ట్రాక్ట్‌లో అసలు ఫలితం కింద గీత గీసే పద్ధతి: ఏళ్లుగా వాడుతున్నాక

పద్ధతి చిన్నదే. అబ్‌స్ట్రాక్ట్ రాయడం అయ్యాక ప్రధాన ఫలితం ఉన్న వాక్యం కింద పెన్నుతో గీత గీయాలి. ఆ వాక్యాన్ని మూడో వాక్యంగా పైకి తేవాలి. ముందున్న నేపథ్యాన్ని రెండు వాక్యాల్లో సర్దాలి. గట్టిగా చెప్పడానికి వెనకాడే జంకు మాటల్ని కోసేయాలి. పదాల పరిమితి, కీవర్డ్స్ లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ గీత. ఎక్కడ గీయాలో తెలియలేదంటే చిక్కు ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

మా ల్యాబ్‌లో జూనియర్ స్కాలర్ ఒకమ్మాయి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతల మీద పనిచేసింది. బోట్లలో చేపకి ఎంత ఐస్ వేస్తున్నారు, ఒడ్డుకు చేరేసరికి చేప ఎంత తాజాగా ఉంటోంది అన్నది ఆమె ప్రశ్న. తాజాదనాన్ని టీవీబీఎన్‌తో కొలిచింది. చేప పాడవుతున్నకొద్దీ కండలో అమోనియా లాంటివి పుడతాయి, వాటి లెక్కే ఇది. పేపర్ ఇంకా అచ్చు కాలేదు, అందుకని అంకెలు మార్చి చెబుతున్నాను.

ఆమె అబ్‌స్ట్రాక్ట్ దేశ సముద్రతీరం పొడవుతో మొదలై, ఎగుమతులు, ప్రొటీన్, చేప త్వరగా పాడయ్యే గుణం మీదుగా నడిచి, సగం దాటాక గానీ హార్బర్‌లో అడుగుపెట్టలేదు. ఫలితం చివర్లో ఎక్కడో ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "చేపతో సమానంగా ఐస్ వాడటానికి, సగమే వాడటంతో పోలిస్తే, బహుశా కొంతమేరకు మెరుగైన నాణ్యతతో సంబంధం ఉండే అవకాశం ఉందని ఫలితాలు సూచిస్తున్నట్టు కనిపిస్తోంది."

"అక్కా, దీని కిందేనా గీయాలి?" అంది, పెన్ను పట్టుకుని. దాని కింద గీయడానికి ఏమీ లేదు, ఒక్క అంకె కూడా లేదు. అసలు ఫలితం పేపర్ లోపల రెండో టేబుల్‌లో ఉంది: సమానంగా ఐస్ వేసిన బోట్లలో సగటు టీవీబీఎన్ 100 గ్రాములకి 14 మిల్లీగ్రాములు, సగం వేసిన బోట్లలో 22. అది పైకి రాగానే తీరం పొడవు, ఎగుమతులు వాటంతట అవే రాలిపోయాయి. మిగిలిన నేపథ్యం ఒకటే: మన వేడికి చేపతో సమానంగా ఐస్ వేయమంటారు, బోట్లలో చాలాచోట్ల అంత వేయరు.

తర్వాత జంకు మాటలు. ఒక్కోదాన్నీ పట్టుకుని "ఏం తెలిస్తే ఈ మాట తీసేయొచ్చు?" అని అడగడం నా అలవాటు. "కొంతమేరకు" తీసేయాలంటే ఎంతో చెప్పాలి, అది టేబుల్‌లోనే ఉంది, కాబట్టి దాని స్థానంలో అంకె వచ్చింది. "బహుశా", "అవకాశం", "కనిపిస్తోంది" అన్నవాటికి జవాబే లేదు. కొలిచేశాం, అంత వచ్చింది, అందులో బహుశా ఏముంది? అవన్నీ పోయాయి.

ఈ పద్ధతి దెబ్బతిన్నది ఇక్కడే. అదే ఊపులో కోసుకుంటూ పోతే "సంబంధం" కూడా ఎగిరిపోయి, "సమానంగా ఐస్ వేస్తే టీవీబీఎన్ తగ్గింది" అని వాక్యం తేలింది. చదవడానికి ఎంత బాగుందో! మా గైడ్ సార్ చూసి ఒక్కటే అడిగారు: "ఏ బోటుకి ఎంత ఐస్ అని ఎవరు నిర్ణయించారమ్మా?" బోటు వాళ్లే. ఎక్కువ ఐస్ వేసుకున్న బోట్లు త్వరగా ఒడ్డుకు తిరిగొచ్చినవి కూడా. చేప బాగుండటానికి ఐస్ కారణమో, తక్కువ రోజుల వేట కారణమో ఆ డేటాతో విడదీయలేం. అయిదు జంకు మాటల్లో నాలుగు ఉత్త బరువు, అయిదోది మాత్రం నిజం. పొడవు తగ్గించడం మీదే చూపు పెట్టే పద్ధతికి ఈ తేడా తెలియదు.

చివరికి వాక్యం "సమానంగా ఐస్ వేసిన బోట్లలో సగటు టీవీబీఎన్ 14, సగం వేసిన బోట్లలో 22" అని నిలబడింది. వెంటనే మరొకటి చేర్చాం: "మొదటి రకం బోట్ల వేట రోజులు కూడా తక్కువ కాబట్టి తేడాకు ఐస్ ఒక్కటే కారణమని చెప్పలేం." అనుమానానికి కారణం కూడా చెప్పేశాక, రివ్యూయర్ అడగబోయే ప్రశ్నకి జవాబు ముందే ఉన్నట్టయింది.

ఇది ఎక్కడైనా పనిచేస్తుందని ఒకప్పుడు జూనియర్లకి చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వైద్య పత్రికల్లో 1987 నుంచి శీర్షికలతో అబ్‌స్ట్రాక్ట్ రాసే పద్ధతి వచ్చింది. మెడికల్ కాలేజీలో ఉన్న నా స్నేహితురాలికి ఫలితాన్ని మూడో వాక్యానికి జరిపే వీలే లేదు. బ్యాక్‌గ్రౌండ్‌ని ఒక్క వాక్యానికి కుదించి, రిజల్ట్స్ శీర్షిక కింద మొదటి వాక్యంలోనే ప్రధాన ఫలితం పెట్టుకోవడం ఒక్కటే ఆమెకి మిగిలిన దారి. నాకు కుదరడానికి కారణం నావి ఒకే ప్రశ్న ఉన్న చిన్న ఫీల్డ్ పేపర్లు కావడం, ఇలాంటి ప్రశ్నలు అడిగే గైడ్ దొరకడం. అలా చదివే మనిషి పక్కన లేకపోతే గీత గీసి, నేపథ్యం తగ్గించి అక్కడితో ఆగండి. జంకు మాటల్ని డేటా సేకరించిన వాళ్లని కూర్చోబెట్టుకునే కోయండి. రివ్యూ పేపర్లకి నేనైతే వాడను, వాటిలో గీత గీయడానికి ఒక్క వాక్యమంటూ ఉండదు.